యాభై మందిని అడిగితే కాలేజీ మొత్తాన్ని అడిగినట్టేనా?

ఈ ఎపిసోడ్ అంతా ఒక గొడవ గురించి. గొడవ నాకూ, నా క్లాస్‌మేట్‌కీ. మా కాలేజీలో టైమింగ్స్ మార్చాలని ఒక మాట నడుస్తోంది. ఇప్పుడు 9 నుంచి 4:30 వరకు. దాన్ని 10 నుంచి 5:30 చేయాలా అన్నది ప్రశ్న. స్టాటిస్టిక్స్ ప్రాజెక్టు కింద సర్వే చేసి ఇస్తే ప్రిన్సిపల్ గారు కూడా చూస్తామన్నారు. మావాడు రాత్రి పదింటికి గూగుల్ ఫామ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పడేశాడు. పొద్దునకల్లా 50 మంది నింపారు. 38 మంది "మార్చాలి" అన్నారు, అంటే 76 శాతం. ఇక క్యాంటీన్లో మా ఇద్దరి మధ్య నడిచింది ఇది, గుర్తున్నంతవరకు చెప్తాను.

వాడు: "మామా, ఒక్కటే డౌట్. కాలేజీలో 1800 మంది ఉన్నారు. 50 అంటే 3 శాతం కూడా లేదు. సర్ ఒప్పుకోరు. ఇంకో 500 మందికి ఫార్వర్డ్ చేసేద్దాం."

నేను: "ఇంట్లో అన్నం ఉడికిందో లేదో ఎలా చూస్తారు?"

వాడు: "మెతుకు పట్టుకుని."

నేను: "పెళ్లి వంటల్లో పెద్ద గుండిగ పెడితే, గుండిగ పెద్దది కదా అని వంద మెతుకులు పడతారా?"

వాడు: "పట్టరు. కానీ అన్నం వేరు, మనుషులు వేరు. మెతుకులన్నీ ఒకేలా ఉడుకుతాయి. మన క్లాసులో ఇద్దరు ఒకేలా ఆలోచించరు."

ఇది మంచి పాయింట్, ఒప్పుకోవాలి. నేనేమన్నానంటే: "అందుకే 50. అందరూ ఒకేలా ఉంటే ఒక్కడిని అడిగినా సరిపోయేది. ఎంతమందిని అడగాలన్నది జనం ఎంత రకరకాలుగా ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. కాలేజీలో 1800 మంది ఉన్నా, 18 వేల మంది ఉన్నా, 50 మందితో వచ్చే తేడా దాదాపు అంతే. సమస్య నంబర్ కాదురా. నువ్వు గుండిగలో పైపైన ఉన్న మెతుకులే పట్టుకున్నావు. అడుగున మాడిందో, పచ్చిగా ఉందో నీకు తెలీదు."

వాడికి కోపం వచ్చింది. "నేనెవరినీ ఏరుకోలేదు. ఎవరు నింపితే వాళ్లే."

"అదే కదా నేనంటున్నది. ఆ 50 మందిలో హాస్టల్ వాళ్లెంతమంది?"

ఫామ్‌లో ఆ కాలమ్ ఉంది, అదొక్కటి అదృష్టం. లెక్కపెడితే 38 మంది హాస్టల్, 12 మంది డే స్కాలర్స్. మా కాలేజీలో హాస్టల్ వాళ్లు 600, రోజూ వచ్చిపోయేవాళ్లు 1200. అంటే ముగ్గురిలో ఒకరే హాస్టల్. ఫామ్‌లో మాత్రం నలుగురిలో ముగ్గురు వాళ్లే. రాత్రి పదింటికి హాస్టల్ గ్రూపుల్లో పడ్డ లింకు మరి. మీరు సర్వే చేసినా ముందు ఈ పని చేయండి. కాలేజీ గురించి ఆఫీసులో పక్కాగా తెలిసే లెక్క ఒకటి తీసుకోండి. హాస్టలా కాదా, అమ్మాయిలా అబ్బాయిలా, ఏ ఇయర్, ఏదైనా సరే. దాన్ని మీ శాంపిల్‌తో పోల్చండి. అక్కడే బాగా తేడా కొడితే మిగతా జవాబులు నమ్మడానికి లేదు.

ఇప్పుడు జవాబులు విడదీశాం. హాస్టల్‌లో 38 మందికి 34 మంది మార్చాలన్నారు, అంటే 89 శాతం. ఓ గంట ఎక్కువ నిద్ర వస్తుంటే ఎవడు వద్దంటాడు? డే స్కాలర్స్‌లో 12 మందికి నలుగురే, అంటే 33 శాతం. ఎందుకో కూడా తెలిసిందే. 5:30కి వదిలితే ఊరికి వెళ్లే చివరి పల్లెవెలుగు దొరకదు. తర్వాత ఆటో మాట్లాడుకోవాలి, లేదా చీకట్లో నడవాలి.

కాలేజీలో ఉన్న నిష్పత్తితో కలిపి చూద్దామన్నాను. మూడో వంతుకి 89, మూడింట రెండు వంతులకి 33 వేస్తే 52 వచ్చింది. 76 కాస్తా 52.

వాడు: "అయితే ఇదే రాసేద్దాం. 52 శాతం. మెజారిటీయే కదా!"

నేను: "12 మంది 1200 మంది తరఫున మాట్లాడుతున్నారురా. పైగా వాళ్లు రాత్రి పదింటికి ఫోన్లో డేటా ఉన్నవాళ్లు. అసలు ఆ బస్సులో వెళ్లేవాళ్లు వాళ్లలో ఎంతమందో?"

వాడు మళ్లీ మొదటికొచ్చాడు. "అందుకే 500 మందికి పంపుదామన్నాను!"

ఇక్కడే అమెరికా కథ చెప్పాల్సొచ్చింది. 1936లో అక్కడ ప్రెసిడెంట్ ఎన్నికలు. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి బ్యాలెట్లు పోస్టు చేసింది. 20 లక్షల పైనే తిరిగొచ్చాయి. వాటిని చూసి లాండన్ గెలుస్తాడని రాసింది. అసలు ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. అడ్రసులు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచీ, కార్లు ఉన్నవాళ్ల లిస్టుల నుంచీ తీసుకున్నారు. ఆ కరువు రోజుల్లో ఫోనూ కారూ ఎవరికి ఉంటాయి? పైగా పంపిన ప్రతి నాలుగింటిలో ఒకటే తిరిగొచ్చింది. 20 లక్షల మందితో కూడా తప్పే వస్తే, అదే వాట్సాప్ గ్రూపులో 500 మందితో ఏం ఒరుగుతుంది?

వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "సరే, మరి 50 మందినే సరిగ్గా అడిగితే చాలంటావా?"

చాలు, కానీ దేనికి చాలు అన్నది చూడాలి. ఒకటిని 50 స్క్వేర్ రూట్‌తో భాగించండి, 0.14 వస్తుంది. అంటే లాటరీ పద్ధతిలో 50 మందిని తీస్తే, వందలో సుమారు 95 సార్లు మన జవాబు అసలు దానికి అటూఇటూ 14 పాయింట్ల లోపు ఉంటుంది. 80 వచ్చిందనుకోండి, ఎక్కువమంది కావాలంటున్నారని ధైర్యంగా చెప్పొచ్చు. 52 వస్తే ఏమీ చెప్పలేం. ఆ 14ని 7కి దించాలంటే రెట్టింపు మంది చాలరు, నాలుగు రెట్లు కావాలి, అంటే 200. ఇంకోటి, ఈ 14 లాటరీ తీసినప్పుడే. వాట్సాప్ ఫామ్‌కి ఆ లెక్క పనికిరాదు.

మరి లాటరీ ఎలా తీశాం? ఆఫీసులో 1800 పేర్ల లిస్టు ఉంది. 1800ని 50తో భాగిస్తే 36. షీట్స్‌లో ఇది కొట్టాం:

```
=RANDBETWEEN(1,36)
```

17 వచ్చింది. ఇక 17, 53, 89... ఇలా 36 కలుపుకుంటూ పోతే 50 పేర్లు. రూల్ ఒకటే పెట్టుకున్నాం: లిస్టులో ఉన్న మనిషి దొరక్కపోతే పక్క బెంచీ వాడిని అడగకూడదు. మళ్లీ మర్నాడు వెళ్లాలి. దొరకనివాళ్లే తొందరగా బస్సుకి పోయేవాళ్లు కావచ్చు కదా.

నాలుగు రోజులు తిరిగితే 46 మంది దొరికారు. 16 మంది హాస్టల్, 30 మంది డే స్కాలర్స్. అసలు నిష్పత్తికి దగ్గరగానే ఉంది. హాస్టల్‌లో 13, డే స్కాలర్స్‌లో 8, మొత్తం 21 మంది మార్చాలన్నారు. అంటే 46 శాతం. 14 అటూఇటూ వేసుకుంటే 32 నుంచి 60 వరకు ఎక్కడైనా ఉండొచ్చు.

వాడు: "ఇంత తిరిగి, మెజారిటీ ఉందో లేదో కూడా తేలలేదా?"

నేను: "తేలలేదు. కానీ 76 మాత్రం కాదని తేలింది. డే స్కాలర్స్‌లో ఎక్కువమంది వద్దంటున్నారని కూడా తేలింది. 30లో 22 మంది వద్దన్నారు."

రిపోర్టులో ఒక్క శాతం రాయకుండా హాస్టల్, డే స్కాలర్స్ విడివిడిగా రాశాం. ఎంతమందిని అడిగాం, ఎలా తీశాం, ఎంతమంది దొరకలేదు, అదీ రాశాం. దొరకని ఆ నలుగురి కోసం మావాడు రేపు 4:30 బస్సెక్కుతానంటున్నాడు. చివరి స్టాప్ దాకా వెళ్తే ఇద్దరైనా కనిపిస్తారని వాడి నమ్మకం.