అయిదు ప్రశ్నలు, అయిదు వాక్యాలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కట్టడాల గురించి మాట్లాడమని అడిగారు. నేను మాత్రం ఒక కాగితం గురించి మాట్లాడతాను. మూడో తరగతి పిల్లలకు మన సంఘం అచ్చు వేయించి ఇస్తున్న సంక్రాంతి బొమ్మ కాగితం అది. పైన బొమ్మ, కింద అయిదు ప్రశ్నలు, ఆ కింద రాయడానికి గీతలు. ఎనిమిదేళ్ల పిల్లలు ఆ బొమ్మ చూసి పండుగ రోజు గురించి అయిదు వాక్యాలు రాయాలి.

ఇలాంటి కాగితాలు బజారులో చాలా దొరుకుతాయి. వాటిలో ప్రశ్నలు సాధారణంగా ఇలా ఉంటాయి: ఇది ఏ పండుగ? బొమ్మలో ఎవరెవరు ఉన్నారు? ముగ్గు బాగుందా? గాలిపటం ఏ రంగు? నీకు పండుగ ఇష్టమా? పిల్లవాడు ఏం రాస్తాడు? సంక్రాంతి. అమ్మ, పాప, తాత. బాగుంది. ఎరుపు. ఇష్టం. అన్నీ సరైన జవాబులే, కానీ అయిదు వాక్యాలు రాలేదు. పూర్తి వాక్యం రాయమని గద్దిస్తే ‘బొమ్మలో అమ్మ ఉంది, బొమ్మలో పాప ఉంది’ అని అయిదుసార్లు ‘ఉంది’ అంటాడు. లోపం ప్రశ్నలో ఉంది. ఒక్క మాటతో తీరే ప్రశ్న అడిగితే ఒక్క మాటే వస్తుంది.

మన భాషలో ఒక సౌకర్యం ఉంది. ‘అమ్మ ఎక్కడ ముగ్గు వేస్తోంది?’ అని అడిగితే, ‘ఎక్కడ’ తీసేసి అక్కడే ‘వాకిట్లో’ అని పెడితే చాలు, వాక్యం తయారు. ఇంగ్లీషులో అయితే జవాబు కోసం మాటల వరుస మార్చుకోవాలి. తెలుగులో ఆ పని లేదు. అందుకని ప్రశ్నలోనే చేసేవాళ్లూ, పనీ ఉండేలా రాశాం.

మొదటి ప్రశ్న అమ్మ ముగ్గు గురించి. రెండోది, పాప గొబ్బెమ్మల మీద ఏ పూలు పెడుతోంది? మూడోది, హరిదాసు తల మీద ఏం పెట్టుకుని వస్తున్నాడు? అక్షయపాత్ర అని రాసినా సరే, గిన్నె అని రాసినా సరే. నాలుగోది, అన్న చెట్టు వైపు ఎందుకు చూస్తున్నాడు? బొమ్మలో గాలిపటం కొమ్మకు చిక్కుకుని ఉంటుంది. ‘ఎందుకు’ అని అడగాలంటే కారణం బొమ్మలో కనబడాలి, లేకపోతే పిల్లలు పెన్సిల్ కొరుకుతూ కూర్చుంటారు. బొమ్మలో నలుగురే ఉన్నారు. గంగిరెద్దునూ భోగిమంటనూ కూడా కలిపితే ఏది చూడాలో తెలియదు.

అయిదో ప్రశ్న బొమ్మలో లేనిది: ‘పండుగ రోజు పొద్దున నువ్వు ఏం చేశావు?’ అసలు పరీక్ష ఇక్కడే. కొందరు ‘పండుగ రోజు పొద్దున నువ్వు తలంటు పోసుకున్నావు’ అని రాస్తారు. మొదటి నాలుగూ తప్పులేకుండా రాసిన పిల్లలే ఇలా రాస్తారు. అంటే మాట తీసి మాట పెట్టడం వచ్చింది గానీ, అడిగింది తనని అని ఇంకా తట్టలేదు. ‘నువ్వు’ను ‘నేను’గా, ‘చేశావు’ను ‘చేశాను’గా మార్చిన రోజున ఆ పిల్ల తన మాట తాను రాసినట్టు. తప్పు రాసినవాళ్లకు ఎర్రసిరా అక్కర్లేదు. పక్కన కూర్చుని అదే ప్రశ్న నోటితో అడగండి. నోటితో ఎవరూ ‘నువ్వు’ అని జవాబు చెప్పరు. చెప్పిందే రాయమనండి.

ఈ ప్రశ్నకు ఒక పాప, ‘మా నాన్నకు బస్సు డ్యూటీ, నేను అన్నం క్యారేజీ పట్టుకుని డిపోకి పోయాను’ అని రాసింది. ముగ్గూ లేదు, అరిసెలూ లేవు. తరగతిలో ఆ వాక్యం మరెవరూ రాయలేదు. ‘మీ ఇంట్లో ఏం పిండివంటలు చేశారు?’ అని అడిగి ఉంటే ఆ పాప గీత ఖాళీగా ఉండేది. సంక్రాంతి చేసుకోని ఇళ్ల పిల్లలు కూడా మన తరగతుల్లో ఉన్నారు. వాళ్లూ ఆ రోజు పొద్దున ఏదో ఒకటి చేసే ఉంటారు.

గీతల సంగతి కూడా చెప్పాలి. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు. గీతలు దగ్గరగా ఉంటే ‘గొబ్బెమ్మ’లోని మ వత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. అందుకే రెండు వేళ్ల ఎడం వదిలాం.

చివరగా ఒక ఇంజనీరు మాట. స్లాబు వేసే ముందే కింద పోట్లు పెడతాం. మామూలు సిమెంటుతో వేసిన స్లాబు 4.5 మీటర్ల లోపు వెడల్పుదైతే 7 రోజులు, మించితే 14 రోజులు ఉంచి తీసేస్తాం. ముందే తీస్తే స్లాబు కుంగుతుంది. ఎప్పటికీ తీయకపోతే ఆ గది ఎవరికీ పనికిరాదు. ఈ ప్రశ్నలూ అంతే. ఉగాదికి ఇచ్చే కాగితంలో మూడే ప్రశ్నలుంటాయి. ఆ తర్వాతి దానిలో ‘ఎక్కడ, ఎందుకు, నేను’ అన్న మూడు మాటలే. ఏడాది చివర బొమ్మా, గీతలూ మాత్రమే. ఆ చివరి కాగితం మీద ఎన్ని వాక్యాలు వచ్చాయన్నదే మన లెక్క.

రంజాన్‌కూ, క్రిస్మస్‌కూ బొమ్మలు కావాలి. బొమ్మ వేయగల మిత్రులు సభ అయ్యాక నన్ను కలవండి. నలుపు గీతలతోనే వేయండి, రంగులు జెరాక్సులో మసి అవుతాయి.

సెలవు.