నోటితో చెప్పిన దరఖాస్తు - కంటితో సరిచూడటం
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇళ్ళలో తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళమో, కన్నడమో, ఒడియానో చదువుకున్న మన పిల్లలు చాలామంది ఇప్పుడు దరఖాస్తుతో జతపరిచే లేఖను ఫోన్‌లో నోటితో చెప్పి రాయిస్తున్నారు. తెలుగు టైపింగ్ రానివారికి ఇది మంచి సదుపాయమే. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి.

ఒక అమ్మాయి లేఖ చూశాను. తండ్రిగారి నెల ఆదాయం పదిహేను వేలని చెప్పింది. ఫోన్ పదిహేడు వేలని రాసింది. రెండు మాటలకూ తేడా చివరి ఒక్క ధ్వనే. ఏడాదికి లెక్క వేస్తే మొదటిది 1,80,000 రూపాయలు, రెండవది 2,04,000. ఆదాయ పరిమితి 2 లక్షలుంటే ఆ ఒక్క ధ్వనితో దరఖాస్తు పక్కకు పోతుంది. ఇరవై, అరవై కూడా ఇలాంటి జతే.

ఇలా ఎందుకవుతుందంటే, ఫోన్ మన ధ్వనితోబాటు పక్కనున్న మాటలను కూడా చూసి ఏ పదమో ఊహిస్తుంది. 'నిద్రలో కల వచ్చింది' అంటే అది 'కళ' కాదని పక్క మాటలే చెబుతాయి. కానీ 'నెలకు పదిహేను వేలు', 'నెలకు పదిహేడు వేలు' రెండూ సబబైన వాక్యాలే. అక్షరదోషం లేదు కనుక తప్పును చూపే ఎర్ర గీత కూడా పడదు.

అందుచేత మూడు పనులు చేయండి. మొదటిది, అంకెలను నోటితో చెప్పకండి. ఆ చోటు ఖాళీగా వదిలి, తరువాత మీటలతో 15,000 అని కొట్టండి. రెండవది, లేఖను మీరే చదువుకుంటే మీరు అనుకున్నదే కంటికి కనబడుతుంది. కనుక అమ్మనో, అన్ననో పైకి చదవమనండి. 'ఒకటి, ఐదు, సున్నా' అని అంకె అంకెగా చదవాలి. మీరు ఆదాయ ధ్రువపత్రం చేత పట్టుకొని వినండి. మూడవది, నెల ఆదాయాన్ని 12తో హెచ్చవేసి, పత్రంలోని ఏడాది మొత్తంతో సరిపోయిందో లేదో చూడండి. ఆ అమ్మాయి తప్పు ఈ లెక్కలోనే బయటపడింది.

బ్యాంకు ఐ.ఎఫ్.ఎస్.సి. కోడ్‌కు మరొక గుర్తు ఉంది. అందులో మొత్తం 11 గుర్తులు. మొదటి నాలుగూ అక్షరాలు, అయిదవది ఎప్పుడూ సున్నాయే. మనం 'ఓ' అంటే ఫోన్ O అక్షరం వేయవచ్చు. అయిదవ చోట 0 ఉన్నదో లేదో చూడండి. తక్కిన ఆరింటినీ పాస్‌బుక్ పక్కన పెట్టుకొని సరిచూడాలి.

పేర్లు, ఊరిపేర్లు కూడా ధ్రువపత్రంలో ఎలా ఉంటే అలాగే ఉన్నాయో చూసి, ఆ తరువాతే సంతకం చేయండి.