పాట తెగితే తప్పు నెట్‌దా, బ్లూటూత్‌దా?

పోయిన నెల మా కొంగ్సీలో ఒక తమ్ముడు, "అన్నా, స్పీకర్ పోయింది, జీతం రాగానే కొత్తది కొంటా" అన్నాడు. ఆగమన్నాను.

పాట తెగినప్పుడు ఫోన్‌లో నిమిషాలు, సెకన్లు చూపే అంకెలు చూడండి. అంకెలూ ఆగిపోయి, కాసేపటికి ఆగిన చోటి నుంచే పాట మొదలైతే నెట్ బలహీనం. అంకెలు నడుస్తూనే ఉండి, మధ్యలో మాటలు ఎగిరిపోతే బ్లూటూత్ బలహీనం.

అనుమానం ఉంటే వైఫై అలాగే ఉంచి, ముందే డౌన్‌లోడ్ చేసిన పాట పెట్టండి. అదీ తెగితే నెట్ తప్పు కాదు. తమ్ముడి ఫోన్‌లో అదే జరిగింది. ఫోన్ వెనక జేబులో, స్పీకర్ గది అవతల మూలన. బ్లూటూత్ తరంగాలను మన ఒళ్లు మింగేస్తుంది. పైగా మా వైఫై కూడా అదే 2.4 గిగాహెర్ట్జ్ దారిలో నడుస్తుంది. ఫోన్ తీసి స్పీకర్ పక్కన బల్లమీద పెట్టించాను, వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్పించాను. పాట సాఫీగా సాగింది.

నెట్‌దే తప్పయితే ఫోన్ కిటికీ దగ్గర పెట్టండి, రేకుల గదిలో సిగ్నల్ తగ్గుతుంది. యాప్‌లో పాట క్వాలిటీ తగ్గించండి. ప్యాక్‌లో స్పీడ్ డేటా అయిపోయిందేమో చూడండి. వైఫై బాగున్నప్పుడే పాటలు డౌన్‌లోడ్ చేసుకుంటే ఇంకా మేలు.

స్పీకర్‌కి ఫుల్ ఛార్జ్ పెట్టి, ఇంకో ఫోన్‌ని పక్కనే ఉంచి డౌన్‌లోడ్ పాట పెట్టినా తెగుతుంటే, అప్పుడు కొత్తది కొనండి. తమ్ముడి రింగిట్‌లు ఆ నెల ఇంటికే వెళ్లాయి.