నీటి రిపోర్టులో ముందు ఏ గడి చూడాలి?



మన విదురాశ్వత్థ వైపు బోరు నీళ్లే కదా ఎక్కువ తాగేది. రిపోర్టులో కాఠిన్యం 480, కరిగిన లవణాలు 1150, కోలిఫారం 8 అని ఉందనుకుందాం. మొదటి రెండూ లీటరుకు మిల్లీగ్రాములు. 2012 నాటి భారత ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం కాఠిన్యం 200, లవణాలు 500 దాటకూడదు. అయితే వేరే నీళ్లు దొరకని చోట 600, 2000 దాకా ఒప్పుకుంటారు. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, అయినా ఓర్చుకోవచ్చు.

క్రిములకు ఆ సడలింపు లేదు. 100 మిల్లీలీటర్లలో కోలిఫారం ఒక్కటీ కనబడకూడదు. 8 ఉందంటే ట్యాంకులోనో పైపులోనో మురుగు కలుస్తోందేమో చూడాలి. అందాకా నీళ్లు బాగా మరగకాచి తాగండి. ట్యాంకు కడిగించి, క్లోరిన్ వేయించి, మళ్లీ పరీక్ష అడగండి. నమూనా మాత్రం ల్యాబు ఇచ్చిన శుద్ధిచేసిన సీసాలోనే పట్టండి. ఇంట్లో సీసాలో పడితే క్రిములు బోరువో సీసావో తేలదు.

ఫ్లోరైడ్ గడి మరగకాస్తే తగ్గేది కాదు. దాని సంగతి వచ్చేసారి మాట్లాడతాను.