పై అంతస్తు ఫ్లాటులో వాషింగ్ మెషీన్

ఐదో అంతస్తే ఆఖరిదైన అపార్ట్‌మెంటులో, ఆ అంతస్తులోనే ముగ్గురున్న కుటుంబం ఉందనుకోండి. వాళ్లు వాషింగ్ మెషీన్ కొనడానికి షాపుకి వెళ్లేముందు ఒకసారి డాబా ఎక్కి చూడాలి. ట్యాంకు నీటిమట్టం మెషీన్ కుళాయికి ఎంత ఎత్తున ఉంది?

పది మీటర్ల ఎత్తుకి సుమారు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. వీళ్లకి మూడు మీటర్లే ఉంటే దక్కేది 0.3 బార్. చాలా ఫ్రంట్ లోడ్ మెషీన్లు అడిగే కనీస ఒత్తిడి ఇంతో, ఇంతకన్నా ఎక్కువో ఉంటుంది. ట్యాంకు సగానికి దిగితే, ఫిల్టరులో ఇసుక చేరితే, నీళ్లు నిండక మెషీన్ మధ్యలో ఆగి ఎర్రర్ చూపిస్తుంది. ప్రెషర్ పంపు పెట్టించుకోవచ్చు, అదో ఖర్చు. టాప్ లోడ్‌లో తక్కువ ఒత్తిడికి పనిచేసే మోడళ్లున్నాయి. కుళాయి మొండికేస్తే మూత తీసి బకెట్‌తో నీళ్లు పోసుకోవచ్చు కూడా!

అదే కుటుంబం రెండో అంతస్తులో ఉంటే ట్యాంకు ఎత్తు పెరిగి ఒత్తిడీ పెరుగుతుంది, అప్పుడు నా ఓటు ఫ్రంట్ లోడ్‌కే. డ్రమ్ము అడ్డంగా తిరుగుతూ బట్టల్ని ఎత్తి పడేస్తుంది కాబట్టి కొద్ది నీళ్లే చాలు. కాలర్ మురికికి హీటరూ ఉంటుంది. ఉతికాక తలుపు మాత్రం కాసేపు తెరిచి ఉంచండి. లేకపోతే రబ్బరు మడతల్లో బూజు వాసన మొదలవుతుంది.