డాలర్లలో బాకీ, రూపాయల్లో లెక్క: మార్చి 31న ఏం చేయాలి?

ఈరోజు ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ఇన్‌వాయిస్ తీసుకుని, దాన్ని మొదటినుంచి చివరిదాకా ఫాలో అవుదాం. నేను మొదటి ఉద్యోగంలో తప్పు చేసింది కూడా సరిగ్గా ఇక్కడే. అది చివర్లో చెప్తాను.

బాలానగర్‌లో ఒక చిన్న వ్యాపారి చైనా నుంచి బేరింగులు తెప్పించాడనుకుందాం. ఇన్‌వాయిస్ ఫిబ్రవరి 10న వచ్చింది, 10,000 డాలర్లు. లెక్క సులువుగా ఉండాలని రేట్లు నేనే అనుకుంటున్నా. ఆ రోజు డాలర్ 83 రూపాయలు. అంటే కొనుగోళ్ల ఖాతా డెబిట్ 8,30,000, సప్లయర్ ఖాతా క్రెడిట్ 8,30,000. ఇక్కడ ఒక జాగ్రత్త. బిల్ ఆఫ్ ఎంట్రీ మీద ఇంకో రేటు కనిపిస్తుంది. అది కస్టమ్స్ వాళ్లు డ్యూటీ లెక్కకట్టడానికి ప్రకటించే రేటు. సప్లయర్ బాకీకి దాన్ని వాడకండి.

మార్చి 5న మనవాడు 4,000 డాలర్లు కట్టాడు. బ్యాంకు 84 చొప్పున 3,36,000 తీసుకుంది. కానీ మన పుస్తకాల్లో ఆ 4,000 డాలర్లు 83 చొప్పున 3,32,000గానే ఉన్నాయి. తేడా 4,000 రూపాయలు ఎక్స్‌ఛేంజ్ నష్టం. బ్యాంకు ఛార్జీలు, వాటి మీద జీఎస్‌టీ వేరుగా రాయాలి, ఈ తేడాలో కలపకూడదు.

"సార్, ఈ 4,000 బేరింగుల ఖరీదులో కలిపేద్దామా?" అని చాలామంది అడుగుతారు. వద్దండీ. సరుకు 83 రేటుకి కొన్నాం, గోడౌన్‌లో అదే ధర మీద ఉంటుంది. ఆ తర్వాత డాలర్ పెరగడం బాకీకి సంబంధించిన విషయం, బేరింగుకి కాదు. అందుకే తేడా నేరుగా లాభనష్టాల ఖాతాకి వెళ్తుంది.

ఇప్పుడు మార్చి 31. ఇంకా 6,000 డాలర్లు కట్టాలి. పుస్తకాల్లో అది 4,98,000గా ఉంది. కానీ ఆ రోజు రేటు 85 అయితే, నిజంగా మన నెత్తిన ఉన్న బాకీ 5,10,000. మనదేశంలో అకౌంటింగ్ స్టాండర్డ్ 11 చెప్పేది ఇదే. డబ్బు రూపంలో తీర్చాల్సిన విదేశీ బాకీని సంవత్సరం చివరి రోజు రేటుతో చూపించాలి. మామూలుగా ఎఫ్‌బీఐఎల్ ప్రకటించే రిఫరెన్స్ రేటు తీసుకుంటారు. కాబట్టి ఎక్స్‌ఛేంజ్ నష్టం డెబిట్ 12,000, సప్లయర్ క్రెడిట్ 12,000. పైసా కూడా కట్టలేదు కదా, నష్టం ఎలా అవుతుందని ఓనర్ గొడవపడతాడు. పడనివ్వండి. ఈ ఎంట్రీ వేయకపోతే బ్యాలెన్స్ షీట్‌లో బాకీ 12,000 తక్కువగా, లాభం 12,000 ఎక్కువగా కనిపిస్తుంది. లోన్ కోసం బ్యాంకుకి ఇచ్చేది ఆ కాగితాలే.

టాలీ వాడేవాళ్లు బ్యాలెన్స్ షీట్‌లో `Unadjusted Forex Gain/Loss` అనే లైన్ చూసే ఉంటారు. ఇంకా ఎంట్రీ వేయని తేడా అక్కడ నిలబడి ఉందని దాని అర్థం. జర్నల్‌తో సరిచేయాలి, వదిలేయకూడదు.

ఏప్రిల్ 20న మిగిలిన 6,000 డాలర్లు 84.50 చొప్పున కట్టేశాడు. అంటే 5,07,000. ఇప్పుడు లాభమా, నష్టమా?

నేను తప్పుచేసింది ఇక్కడే. ఇన్‌వాయిస్ తీసి, 83తో పోల్చి, 9,000 నష్టం రాసేశాను. మార్చిలో 12,000 నష్టం అప్పటికే రాశామన్న సంగతి మర్చిపోయా. సప్లయర్ లెడ్జర్ తెరిస్తే డాలర్లలో బాకీ సున్నా, రూపాయల్లో మాత్రం 12,000 క్రెడిట్ నిలబడి ఉంది. ఎవరికీ ఇవ్వక్కర్లేని బాకీ! ఒక పూట వెతికాక గానీ అర్థం కాలేదు. అప్పటినుంచి విదేశీ సప్లయర్ పేమెంట్ అయిపోగానే ముందు ఆ లెడ్జర్ చూస్తాను. డాలర్ కాలమ్ సున్నా అయి రూపాయల కాలమ్‌లో ఏదైనా మిగిలితే, ఎక్కడో ఎక్స్‌ఛేంజ్ తేడా తప్పు రాశామన్నమాట.

సరైన లెక్క ఏంటంటే, పోల్చాల్సింది మార్చి 31 రేటుతో. బాకీ 5,10,000, కట్టింది 5,07,000. కొత్త సంవత్సరంలో 3,000 లాభం. కావాలంటే సరిచూసుకోండి. బ్యాంకు నుంచి మొత్తం పోయింది 8,43,000, సరుకు 8,30,000. తేడా 13,000. పాత సంవత్సరం నష్టం 16,000, అందులోంచి ఈ 3,000 తీస్తే అదే 13,000.

చివరగా ఒక్క మాట. సరుకు రాకముందే అడ్వాన్స్ పంపితే, ఆ అడ్వాన్స్‌కి మార్చి 31న ఈ లెక్క వర్తించదు. దాని బదులు మనకి రావాల్సింది సరుకు, డాలర్లు కాదు. అది పంపిన రోజు రేటు మీదే ఉంటుంది. ఒకవేళ సప్లయర్ సరుకు పంపలేక డాలర్లు వెనక్కి ఇస్తానన్నాడనుకోండి, అప్పుడది రావాల్సిన డబ్బు అవుతుంది, మార్చి 31 రేటు దానికీ పట్టాలి.