పసిపిల్లలకు వస పోసేముందు
(గ్రామ సమాఖ్య సమావేశంలో ఆరోగ్య కార్యకర్త మాటలు)



ఈ రోజు ఒక్క వసకొమ్ము గురించే మాట్లాడతాం. పిల్లకు మాటలు స్పష్టంగా రావాలని, కడుపు ఉబ్బరం తగ్గాలని సానరాయి మీద తల్లిపాలతో అరగదీసి నాలుకకు రాయడం మన ఇళ్లల్లో ఎప్పటినుంచో ఉంది. పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు. కానీ వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది, అది ఎక్కువైతే వాంతులు పట్టుకుంటాయి. ఒక కొమ్ములో తక్కువ ఉంటుంది, ఇంకో కొమ్ములో ఎక్కువ ఉంటుంది. చూసి చెప్పలేం. ఒకరు నాలుగు సార్లు అరగదీస్తారు, ఇంకొకరు ఇరవై సార్లు. ఆయుర్వేద డాక్టర్లు వసను శుద్ధి చేసి, తూకం వేసి వాడతారు. సానరాయి మీద ఆ తూకం ఎక్కడిది?

ఒక ఇంటి సంగతి చెప్తాం. నలభై రోజుల పాప, కొంచెం జలుబు. ఉదయం వస పోశారు, తగ్గలేదని సాయంత్రం మళ్లీ పోశారు. రాత్రికి నాలుగైదు వాంతులు. “కఫం పోతోందిలే, మంచిదే” అన్నారు. తెల్లారేసరికి పాప రొమ్ము పట్టలేదు, లేపినా కళ్లు తెరవలేదు. అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లారు, బతికింది. అక్కా, వాంతి కఫం పోవడం కాదు. ఒంట్లో నీళ్లు పోవడం. పైగా ఏడ్చే బిడ్డకు, నిద్రమత్తులో ఉన్న బిడ్డకు నోట్లో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

అందుకే ఆరు నెలల దాకా తల్లిపాలే. వస వద్దు, తేనె వద్దు, నీళ్లు కూడా వద్దు. తేనె ఏడాది నిండేదాకా ఆపాలి. డాక్టరు రాసిన చుక్కలు మాత్రం వేయొచ్చు. వసకొమ్ము ముక్కలు దారానికి గుచ్చి చేతికి కట్టడం కూడా మానేద్దాం, బిడ్డ చెయ్యి నోట్లోనే ఉంటుంది కదా. జలుబు చేస్తే బిడ్డను వెచ్చగా ఒంటికి ఆనించుకుని మాటిమాటికి పాలివ్వాలి.

ఇప్పటికే వస పోసి ఉంటే భయపడి దాచొద్దు. వేలు పెట్టి కక్కించొద్దు. పాలు తాగకపోయినా, మత్తుగా పడి ఉన్నా, వాంతులు ఆగకపోయినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఊపిరి కూడా చూడాలి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిండు నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఆ తర్వాత ఏడాదిలోపు 50, లేదా అంతకంటే ఎక్కువైనా, డొక్కలు ఎగరేసినా ఆగకూడదు. వెళ్లేటప్పుడు ఆ వసకొమ్ము కొంగున కట్టుకుని వెళ్లండి. ఏం పోశారో, ఎన్నిసార్లు పోశారో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. దాన్ని బట్టే వాళ్లు వైద్యం చేస్తారు.

మాటల సంగతంటారా, అవి వసతో రావు. పాలిచ్చేటప్పుడు బిడ్డ ముఖం చూసి మనం మాట్లాడితే వస్తాయి. బిడ్డ పిలుపుకు తిరగకపోతే చెవి పరీక్ష చేయించాలి. ఈ నెల సంఘం మీటింగులో పసిబిడ్డలున్న ఇళ్ల పేర్లు రాసుకుని, ఆ ఇంటి పెద్దమ్మలతోనే ముందు మాట్లాడదాం.